క్లాసులో గోల ఖాళీల్లోంచి పుడుతుంది: కొత్త టీచర్‌కి ఒక ప్లాన్

ప్రశ్న: కొత్తగా టీచర్‌గా చేరాను. ఏడో తరగతికి మ్యాథ్స్, 40 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. పాఠం బాగానే చెప్తున్నా అనిపిస్తుంది కానీ సగం టైమ్ "సైలెన్స్, సైలెన్స్" అనడానికే పోతోంది. గట్టిగా అరిస్తే రెండు నిమిషాలు ఊరుకుంటారు, మళ్ళీ మొదలు. ఎవర్ని ఎక్కడ కూర్చోబెట్టాలి, రోజూ ఏ పద్ధతి పాటించాలి, చిన్న చిన్న అల్లరికి ఏం చేయాలి, ఒక ప్లాన్‌లాగా ఎవరైనా చెప్తారా?

జవాబు:

ముందు ఒక పని చేయండి. రేపు ఒక్క పీరియడ్ చిన్న కాగితం ఒకటి దగ్గర పెట్టుకుని గోల లేచిన ప్రతిసారీ టైమ్, ఆ క్షణంలో మీరేం చేస్తున్నారు అనేది మాత్రం రాసుకోండి. ఎవరు చేశారో రాయొద్దు, పేర్లు రాస్తే మన బుర్ర అక్కడే ఆగిపోతుంది. పీరియడ్ అయ్యాక ఆ కాగితం చూస్తే చాలామందికి ఒకటే బొమ్మ కనిపిస్తుంది: మీరు క్లాసులోకి వచ్చి అటెండెన్స్ తీసే టైమ్, "నోట్‌బుక్స్ తీయండి" అన్న టైమ్, బోర్డు మీద లెక్క చెప్పడం ఆపి "ఇప్పుడు మీరు చేయండి" అన్న టైమ్, తొందరగా అయిపోయినవాళ్ళు ఖాళీగా ఉన్న టైమ్, మీ టేబుల్ చుట్టూ కరెక్షన్‌కి క్యూ కట్టిన టైమ్, ఇక బెల్లుకి ముందు చివరి నాలుగైదు నిమిషాలు. నిజంగా పాఠం నడుస్తున్నప్పుడు లేచిన గోల తక్కువే ఉంటుంది. అంటే పిల్లలకి తర్వాత ఏం చేయాలో తెలియని ఖాళీ ఎక్కడ దొరికితే అక్కడికి మాటలు వచ్చి చేరతాయి, పల్లానికి నీళ్ళు పోయినట్టు. కాబట్టి ప్లాన్ అంటే శిక్షల లిస్టు కాదు, ఈ ఖాళీల్ని ఒక్కొక్కటిగా పూడ్చడం.

ఇది నా సొంత సిద్ధాంతం కూడా కాదు. జేకబ్ కూనిన్ అనే అమెరికన్ సైకాలజిస్టు క్లాసుల్ని వీడియో తీసి చూసి 1970లో ఆ ఫలితాలు అచ్చు వేశాడు. బాగా నడిచే క్లాసుల్లో టీచర్లు అల్లరి చేశాక ఎలా మందలించారు, గట్టిగానా మెల్లగానా, అనే దానిలో పెద్ద తేడా దొరకలేదు ఆయనకి. తేడా అంతా అల్లరికి ముందే వాళ్ళు ఏం చేశారు అనేదాంట్లో ఉంది: గదంతా కళ్ళల్లో ఉంచుకోవడం, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి తడబడకుండా తీసుకెళ్ళడం. మీరు అరిచినా రెండు నిమిషాలకే ఎందుకు మళ్ళీ మొదలవుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది, అరుపు ఖాళీని పూడ్చదు కదా.

సరే, ఇక పీరియడ్ మొదటి ఐదు నిమిషాల నుంచి వస్తాను, ఎందుకంటే అక్కడ పోతే మిగతా ముప్ఫై ఐదు నిమిషాలు వెంటపడి పట్టుకోవాల్సిందే.

బోర్డు ఎడమ పక్కన రోజూ ఒకే చోట మూడు లెక్కలు ఉండాలి. మీరు వెళ్ళే గదికి ముందు పీరియడ్ వేరే టీచర్‌ది అయితే చార్ట్ మీద రాసి తీసుకెళ్ళి తగిలించండి, క్లాసులోకి వచ్చాక పిల్లలకి వీపు పెట్టి రాయడం మొదలుపెడితే ఆ రెండు నిమిషాలు పోయినట్టే. ఆ లెక్కలు ఎలాంటివో ముఖ్యం: రెండు నిన్న చేసినవాటిలాంటివే, ఒకటి పోయిన వారం చాప్టర్‌లోది. కొత్తది పెట్టకూడదు, ఎవరి సాయం లేకుండా దాదాపు అందరూ మొదలుపెట్టగలిగేవి కావాలి. లెక్క కష్టమైతే పక్కవాణ్ణి అడుగుతారు, అడగడమంటే మాట్లాడడమే, మళ్ళీ గోల. మీరు తలుపు దగ్గర నిలబడండి, ఒక కన్ను బయటికి ఒక కన్ను లోపలికి. పిల్లలు ముందే లోపల కూర్చుని ఉండి మీరే గదులు మారేవారైతే లోపలికి వచ్చాక బోర్డు పక్కన నిలబడి, గుడ్ మార్నింగ్ అయ్యాక, బోర్డు వైపు చెయ్యి చూపించి ఊరుకోండి. బ్యాగ్ కింద, నోట్‌బుక్ పైన, తేదీ, మొదటి లెక్క. అంతే పద్ధతి. అటెండెన్స్ రోల్ నంబర్లు పిలిచి తీయొద్దు, నలభై మంది "ప్రెజెంట్ మేడమ్" అనేసరికి మూడు నిమిషాలు, ఆ మూడు నిమిషాలూ ముప్ఫై తొమ్మిది మందికి పనిలేదు. సీటింగ్ చార్ట్ చేతిలో పెట్టుకుని ఖాళీ సీట్లు చూసి టిక్ పెట్టుకుంటే నోరు విప్పకుండా అయిపోతుంది.

ఈ పద్ధతి చెప్తే రాదు, నేర్పాలి, లెక్క నేర్పినట్టే. మొదటి రోజు మీరే ఒక విద్యార్థిలా చేసి చూపించండి, బ్యాగ్ ఎక్కడ పెడతారు, ఏ పేజీ తీస్తారు, అన్నీ. తర్వాత ఒక బెంచీ వాళ్ళు చేస్తారు, మిగతావాళ్ళు చూస్తారు, తర్వాత అందరూ. మర్నాడు మళ్ళీ. ఏదో రోజు అరుస్తూ లోపలికి వస్తారు, ఖాయంగా వస్తారు, అప్పుడు ఉపన్యాసం ఇవ్వకుండా "సరిగా రాలేదు, మళ్ళీ బయటికి వెళ్ళి వద్దాం" అని మామూలు గొంతుతో అనండి. కోపంగా అంటే అది శిక్ష అయిపోతుంది, మామూలుగా అంటే ప్రాక్టీసు. కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఒక గుర్తు: మీ అటెండెన్స్ పూర్తయ్యేసరికి ఎంతమంది నోట్‌బుక్‌లో మొదటి లెక్క మొదలుపెట్టారు? ఇరవై మంది అయితే ఇంకా నేర్పాలి, ముప్ఫై ఐదు దాటితే నిలబడింది. ఇంకోటి, ఈ ఐదు నిమిషాల్లో మీ దగ్గరికి వచ్చి "మేడమ్ నిన్న నేను రాలేదు", "మేడమ్ వాడు నా పెన్ను తీసుకున్నాడు" అని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళకి "కూర్చో, నేనే నీ దగ్గరికి వస్తా" అని చెప్పి నిజంగా వెళ్ళండి. మీరు ఒక్కళ్ళతో మాటల్లో పడితే గది చేజారుతుంది.

సీటింగ్ సంగతి. ఎవరు ఎక్కడ కూర్చోవాలో మొదటి రోజు నుంచి మీరే నిర్ణయించండి, ఫ్రెండ్స్ పక్కపక్కన కూర్చున్నాక విడదీయడం గొడవ, ముందే వేయడం మామూలు విషయం. మీరు ఎక్కువగా బోర్డు మీద చెప్పి తర్వాత ఎవరికివాళ్ళు చేసే మ్యాథ్స్ క్లాసు కాబట్టి వరసలే మంచిది, ఎదురెదురుగా గుంపులుగా కూర్చోబెట్టి "మాట్లాడకండి" అనడం అన్యాయం. గ్రూప్ వర్క్ రోజున ముందు బెంచీ వాళ్ళు వెనక్కి తిరిగితే చాలు, బెంచీలు జరపక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం దారి: గదిలో ఏ పిల్లాడి దగ్గరికైనా మీరు ఆగకుండా నడిచి వెళ్ళగలగాలి. బెంచీలు గోడకి ఆనించి ఉంటే ఆ గోడ పక్క పిల్లలు మీకు అందరు, సరిగ్గా అక్కడే కబుర్లు నడుస్తాయి, కుదిరితే ఒక్క అడుగు ఇవతలికి లాగించండి.

చూపు, వినికిడి ఇబ్బంది ఉన్నవాళ్ళు ముందు, అందులో రాజీ లేదు. ఇక ఎక్కువ మాట్లాడేవాణ్ణి అందరూ ఫస్ట్ బెంచీలో వేస్తారు. నేను వేయను. ఫస్ట్ బెంచీలో వాడి వెనక ముప్ఫై ఎనిమిది మంది ప్రేక్షకులు, వెనక్కి తిరిగి ఒక ముఖం పెట్టాడంటే క్లాసంతా నవ్వుతుంది, మీరు బోర్డు వైపు తిరిగి ఉంటారు కాబట్టి కనపడదు కూడా. వాడికి సరైన చోటు రెండో మూడో వరసలో, మీరు నడిచే దారి పక్క సీటు. మీరు రోజూ అటే పది సార్లు తిరుగుతారు, వాడి కోసమే వెళ్ళినట్టు ఉండదు. ముగ్గురు కూర్చునే బెంచీ అయితే మధ్య సీటు గురించి ఆలోచించండి, అక్కడున్నవాడు లేవాలంటే ఒకళ్ళు లేచి దారి ఇవ్వాలి, అంటే ఒక్కడు కదిలితే ఇద్దరు కదులుతారు. అస్తమానం లేచేవాణ్ణి మధ్యలో ఇరికించకండి, చివర వేయండి. ఇంకొక అలవాటు చూస్తుంటాను, అల్లరి పిల్లాడి పక్కన నెమ్మదైన అమ్మాయిని కూర్చోబెట్టి "వాణ్ణి చూసుకో" అనడం. ఆ అమ్మాయి చదువుకోడానికి వచ్చింది, మీ పని చేయడానికి కాదు.

పిల్లల్ని మూడు నాలుగు వారాలకి ఒకసారి, ముందే చెప్పిన తేదీన, అందర్నీ ఒకేసారి మార్చండి. అలా అయితే ఎవర్నైనా విడదీయాల్సి వచ్చినా అది శిక్షలా కనపడదు. ఎవరైనా "నేను వాడి పక్కన కూర్చోను" అంటే క్లాసులో వాదించకుండా తర్వాత ఒంటరిగా అడగండి, ఒక్కోసారి దాని వెనక ఏడిపించడం, కొట్టడం లాంటివి ఉంటాయి, అది సీటింగ్ సమస్య కాదు. మార్చాక మీ ప్రశ్నలు ఎటు పోతున్నాయో కూడా చూసుకోండి. మన చూపు సహజంగా ముందు వరసలకి, మధ్యకి పోతుంది, వెనక మూలల వాళ్ళని వారం రోజులు ఒక్క ప్రశ్న కూడా అడగం, అడగనివాళ్ళు వాళ్ళ పని వాళ్ళు చూసుకుంటారు. చార్ట్ మీద అడిగిన ప్రతిసారీ చుక్క పెట్టుకుంటే రెండు రోజుల్లో తెలిసిపోతుంది.

అసలు విషయం ఇప్పుడు, ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మారే టైమ్. నా లెక్కన కొత్త టీచర్ల పీరియడ్ ఎక్కువగా పోయేది ఇక్కడే.

మామూలుగా జరిగేది ఇది. బోర్డు మీద ఉదాహరణ అయిపోయింది, "ఓకే, టెక్స్ట్‌బుక్ తీయండి" అంటారు. నలభై బ్యాగుల జిప్పులు, చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు మీద మీరు "పేజీ నంబర్ 84" అంటారు, సగం మందికి వినపడదు. "ఎన్నో పేజీ మేడమ్?" అని ఆరుగురు ఆరుసార్లు అడుగుతారు. "ఎక్సర్‌సైజ్‌లో మొదటి నాలుగు చేయండి, ఆ, మూడోది వద్దు" అంటారు. అప్పుడే గుర్తొచ్చి "హోంవర్క్ చేయనివాళ్ళు ఎవరు?" అంటారు. అయిపోయింది, నలుగురు నిలబడతారు, మిగతా ముప్ఫై ఆరుగురూ వాళ్ళని చూస్తూ ఉంటారు, పుస్తకాలు తెరిచి ఉంటాయి పని ఆగి ఉంటుంది. ఇందులో పిల్లల తప్పు ఒక్కటి కూడా లేదు, గమనించండి. కదలమని ముందు చెప్పి, ఏం చేయాలో తర్వాత చెప్పాం, మధ్యలో వేరే విషయం దూర్చాం.

దీన్నే తిరగేస్తే చాలు. ముందు ఒక గుర్తు: చెయ్యి పైకెత్తి నిలబడ్డం కావచ్చు, మూడు చప్పట్లు కావచ్చు, ఏదైనా ఒకటే పెట్టుకోండి, వారానికొకటి మార్చకండి. గుర్తు ఇచ్చాక అందరి చేతులూ ఖాళీ, కళ్ళు మీ వైపు వచ్చేదాకా ఆగాలి. ముప్ఫై ఐదు మంది చూస్తున్నారు కదా అని మొదలుపెడితే మిగతా ఐదుగురికీ మీరేం నేర్పారంటే వినక్కర్లేదు అని. మొదట్లో ఈ ఆగడం చాలా పొడుగ్గా అనిపిస్తుంది, నిజానికి పదిహేను ఇరవై సెకన్లే. గోల మీద గొంతు పెంచి మాట్లాడ్డం మాత్రం అస్సలు వద్దు, మీ గొంతు పెరిగితే వాళ్ళదీ పెరుగుతుంది. ఆగేటప్పుడు పేర్లు పెట్టి తిట్టకుండా "ఇంకా ఇద్దరు రావాలి... థాంక్యూ" అంటే సరిపోతుంది.

ఆ తర్వాత చెప్పే మాటలు ఒక వరసలో ఉండాలి. ఉదాహరణకి ఇలా: "నేను 'మొదలు' అనేదాకా ఎవరూ ఏమీ తీయకండి. ఎక్సర్‌సైజ్‌లో ఒకటి, రెండు, నాలుగు. పేజీ నంబర్, లెక్కలు బోర్డు మీద రాశాను. పది నిమిషాలు టైమ్. మొదటి ఐదు నిమిషాలు ఎవరితోనూ మాట్లాడకుండా, తర్వాత కావాలంటే పక్కవాళ్ళతో మెల్లగా చూసుకోవచ్చు. అయిపోయినవాళ్ళు బోర్డు కుడి మూల ఉన్న లెక్క చేయండి. కార్తీక్, ఏ లెక్కలు? స్వాతి, ఎన్ని నిమిషాలు? మొదలు." చూడండి, ఏం చేయాలి, ఎంతసేపు, ఎంత చప్పుడు ఉండొచ్చు, అయిపోతే ఏంటి, అన్నీ పిల్లలు కదలకముందే వచ్చేశాయి. "అర్థమైందా?" అని అడగలేదు, అడిగితే "అయింది మేడమ్" అని రాగం తీస్తారు, అందులో మనకి తెలిసేదేం లేదు. ఇద్దర్ని చెప్పించాం, మొత్తం ముప్ఫై నలభై సెకన్లు. బోర్డు మీద రాసి ఉంది కాబట్టి "ఎన్నో పేజీ" అని ఎవరైనా అడిగితే నోరు మెదపకుండా వేలు చూపిస్తే చాలు.

"మొదలు" అన్నాక మీరేం చేస్తారన్నది దీనికి రెండో సగం, దాదాపు ఎవరూ చెప్పరు ఇది. వెంటనే ఎవరి దగ్గరికీ వెళ్ళకండి. ముందు నిలబడి అర నిమిషం గదంతా చూడండి, ఎవరు పెన్ను పట్టుకున్నారు, ఎవరు ఇంకా బ్యాగ్‌లో వెతుకుతున్నారు. ఆ అర నిమిషంలో మొదటి బెంచీ నుంచి "మేడమ్ డౌట్" అని చెయ్యి లేస్తుంది, "వస్తా" అని సైగ చేసి ఆగండి. మీరు ఆ నోట్‌బుక్ మీదకి వంగిన క్షణం మీ వీపు గదివైపు తిరుగుతుంది. తర్వాత ఒక రౌండు వేగంగా, ఎవరికీ సాయం చేయకుండా, అందరూ మొదటి లెక్క రాయడం మొదలుపెట్టారా అని మాత్రం చూస్తూ. రెండో రౌండులోనే డౌట్లు. ఒక్కొక్కళ్ళ దగ్గర అర నిమిషం, మహా అయితే నిమిషం, నిలబడేటప్పుడు మిగతా గది మీకు కనపడేలా పక్కకి తిరిగి. ముగ్గురికి అదే డౌట్ వచ్చిందంటే అది వాళ్ళ డౌట్ కాదు మీరు చెప్పిన దాంట్లో తక్కువైంది, అందర్నీ ఆపి బోర్డు మీద ఒక్క నిమిషం మళ్ళీ చెప్పండి. కరెక్షన్‌కి టేబుల్ దగ్గర క్యూ మాత్రం పూర్తిగా మానేయండి, పెన్ను పట్టుకుని మీరే తిరగండి. క్యూలో నిలబడ్డ ఎనిమిది మందీ ఖాళీగా ఉన్నవాళ్ళే, కూర్చున్నవాళ్ళకి మీరు కనపడరు, మీకు వాళ్ళు కనపడరు.

నోట్‌బుక్స్ పంచడం చిన్న పని అనుకుంటాం. పేరు పిలవాలి, వాడు లేచి రావాలి, తీసుకుని వెళ్ళాలి, ఒక్కొక్కళ్ళకి తొమ్మిది సెకన్లు వేసుకున్నా నలభై మందికి ఆరు నిమిషాలు. వారానికి మూడు సార్లు పంచితే పద్దెనిమిది నిమిషాలు, దాదాపు సగం పీరియడ్. దీనికి మార్గం తీసుకునేటప్పుడే ఉంది: ఈరోజు రాసిన పేజీ తెరిచి, వరసలో వెనకనుంచి ముందుకి ఒకదాని మీద ఒకటి పెడుతూ పంపితే మీ దగ్గరికి ఐదు వరసలకి ఐదు కట్టలు వస్తాయి. మీరు దిద్దాక కట్టల్ని కలపకుండా అలాగే ఉంచితే మర్నాడు వరసకి ఒక కట్ట ముందువాడికి ఇస్తే చాలు, పిల్లలు మొదటి ఐదు నిమిషాల లెక్కలు చేస్తుండగా తమది తీసుకుని వెనక్కి పంపుకుంటారు. వరస లీడర్‌ని వారానికొకర్ని మార్చండి. మొదట్లో పుస్తకంతో ముందువాడి తల మీద కొట్టడం లాంటివి జరుగుతాయి, "భుజం పక్కనుంచి" అని చేసి చూపించండి, రెండ్రోజుల్లో పోతుంది.

చివరి నిమిషాలు బెల్లుకి వదిలేయకండి. నాలుగు నిమిషాల ముందే పని ఆపించి, ఒక చిన్న లెక్క చీటీ మీదో నోట్‌బుక్ చివరో చేయించి, హోంవర్క్ రాయించి, అప్పుడు బ్యాగులు. బ్యాగ్ జిప్పు వినపడిందంటే వాళ్ళ మనసు వెళ్ళిపోయినట్టే, అందుకే అది అన్నిటికంటే చివర. వదిలేది మీరు, వరస వరసగా.

ఇప్పుడు చిన్న అల్లరి. ఇంత చేసినా మాటలుంటాయి, ఏడో తరగతి పిల్లలు కదా, ఉండాలి కూడా. సూత్రం ఒకటే: పాఠం ఆగకుండా పని జరిగే మార్గం ఉంటే పాఠం ఆపకూడదు. ఒకటి పూర్తిగా చెప్తాను.

మీరు బోర్డు దగ్గర భిన్నాల భాగహారం చెప్తున్నారు. మూడో వరసలో మహేశ్ వెనక్కి తిరిగి ఏదో చెప్పి నవ్వుతున్నాడు. మాట ఆపకుండా, చెప్తూనే, అటు నడవండి. చాలాసార్లు అక్కడికి చేరేలోపే ముందుకి తిరుగుతాడు, అలా తిరిగితే ఇక ఏమీ అనకండి, అయిపోయిందది. తిరగలేదు, వాడి బెంచీ పక్కన నిలబడి అక్కణ్ణుంచే చెప్పండి. ఇంకా లేదంటే నోట్‌బుక్ మీద రాయాల్సిన చోట వేలితో చిన్నగా తట్టండి. అప్పటికీ కాకపోతే, పిల్లలు ఏదో రాసుకుంటున్న క్షణం చూసి వంగి, పక్కవాడికి కూడా వినపడనంత మెల్లగా "మహేశ్, రెండో స్టెప్ రాయి" అనండి. అని, అక్కడే నిలబడి చూడకండి, వెళ్ళిపోండి. మీరు నెత్తిన నిలబడితే రాయడం అంటే ఓడిపోవడం అవుతుంది వాడికి, మీరు కదిలితే పరువు పోకుండా రాసుకుంటాడు. రాసేముందు ఒక నిట్టూర్పు, కళ్ళు తిప్పడం, గొణగడం, "నేనేం చేశానని" లాంటివి వస్తాయి. వదిలేయండి. చెయ్యి రాస్తోందా లేదా అదే చూడండి, ముఖం ఎలా పెట్టాడనే దాని వెంట పడ్డారంటే పది సెకన్ల విషయం ఐదు నిమిషాల గొడవవుతుంది. మళ్ళీ మొదలుపెడితే అదే మెల్లని గొంతుతో రెండు దారులు చూపించండి, "ఇక్కడే ఉండి పని చేస్తావా, లేక ఆ ముందు ఖాళీ సీట్లో చేసుకుంటావా, చెప్పు". అప్పుడు కూడా వినకపోతే వాణ్ణి మారమని చెప్పి, మాట్లాడ్డం పీరియడ్ అయ్యాక, ఇద్దరే, రెండు నిమిషాలు.

ఇక్కడ మనవాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్న "ఎందుకు మాట్లాడుతున్నావ్?" దానికి జవాబు లేదు, ఉన్నా అబద్ధమే వస్తుంది. చేయకూడనిది అడగొద్దు, చేయాల్సింది చెప్పండి. వినడంలేదని తెలిసి ఉన్నట్టుండి వాణ్ణి లేపి ప్రశ్న వేయడం కూడా వద్దు, వాడికి రాదు, క్లాసు నవ్వుతుంది, తర్వాత ఆ నవ్వు కోసమే చేస్తాడు. బోర్డు మీద అల్లరి చేసేవాళ్ళ పేర్లు రాయడం కొందరికి పతకం లాంటిది. ఇద్దరు మాట్లాడితే క్లాసంతా నిలబడాలనే శిక్షతో ఏ తప్పూ చేయని ముప్ఫై ఎనిమిది మందిని మీకు దూరం చేసుకుంటారు.

ఇంకొకటి, దొరికేవాడు చాలాసార్లు రెండోవాడు. మొదటివాడు గిల్లుతాడు, రెండోవాడు "అబ్బా" అంటాడు, మీరు తల ఎత్తేసరికి అరిచినవాడే కనపడతాడు. తప్పు మనిషిని అంటే, లేదా గోల మూడు బెంచీలకి పాకాక చివరివాణ్ణి అంటే, మీరు చూడట్లేదని క్లాసంతటికీ తెలిసిపోతుంది. అందుకే ఎవరు మొదలుపెట్టారో తెలియనప్పుడు పేరు తీయకుండా అటు నడవడమే మంచిది. బోర్డు మీద రాసేటప్పుడు కూడా పూర్తిగా వీపు పెట్టకుండా పక్కకి నిలబడి, ఒక లైను రాసి ఒకసారి గది చూడడం అలవాటు చేసుకోండి, వారం రోజులు ఇబ్బందిగా ఉంటుంది తర్వాత అదే వస్తుంది.

జవాబులు అరవడం వేరే సంగతి, దీన్ని తయారుచేసేది మనమే. "చెయ్యెత్తి చెప్పాలి" అని రూల్ పెడతాం, ఎవడో చెయ్యెత్తకుండా కరెక్ట్ జవాబు అరుస్తాడు, పాఠం ముందుకు పోతుందని "వెరీ గుడ్" అంటాం. కాసేపటికి ఇంకొకడు తప్పు జవాబు అరుస్తాడు, "చెయ్యెత్తమన్నానా లేదా" అంటాం. పిల్లలు నేర్చుకున్న రూల్ ఏంటంటే కరెక్ట్ అయితే అరవచ్చు. కాబట్టి అరిచిన జవాబు ఎంత కరెక్ట్ అయినా వినపడనట్టే ఉండండి, ప్రశ్నకి ముందే "చేతులెత్తండి" అనండి, ప్రశ్న వేశాక కనీసం మూడు సెకన్లు మనసులో లెక్కపెట్టుకుని అప్పుడు ఒకర్ని పిలవండి. ఆ మూడు సెకన్లు ఆగితే ఎప్పుడూ చెయ్యెత్తనివాళ్ళు కూడా ఒకరిద్దరు ఎత్తుతారు. టాయిలెట్‌కి, నీళ్ళకి అడగడం కూడా మాటలతో వద్దు, దానికొక వేలి సైగ, ఒకసారి ఒక్కరే, మీరు తల ఊపితే వెళ్ళాలి. అర్జెంటు అన్నవాణ్ణి మాత్రం ఎప్పుడూ ఆపకండి.

ఈ ప్లాన్ పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి. కొట్లాట, ఒక పిల్లని పదిమంది ఏడిపించడం, నిన్నటిదాకా బాగున్న పిల్లాడు ఉన్నట్టుండి మారిపోవడం, ఇవి చిన్న అల్లరి కాదు, హెడ్‌మాస్టర్‌కి, ఇంట్లోవాళ్ళకి ఆరోజే తెలియాలి. ఇంకో రకం మీరే పట్టుకోవాలి: రాయమన్నప్పుడే అల్లరి చేసి, నోటి ప్రశ్నలప్పుడు కుదురుగా ఉండే పిల్లాడు. వాడికి చాలాసార్లు ఆ లెక్క రాదు, రాదని తెలియడం కంటే అల్లరివాడు అనిపించుకోవడమే వాడికి మేలు. సీటు మార్చి లాభం లేదు. వాడి మొదటి ఐదు నిమిషాల లెక్కల్లో ఒకటి వాడు కచ్చితంగా చేయగలిగేది పెట్టండి, రెండో రౌండులో ముందు వాడి దగ్గరికే వెళ్ళి మొదటి స్టెప్ మీరే రాసివ్వండి, వారం చూడండి. మాటలు తగ్గితే విషయం అదే.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెట్టకండి. ఈ వారం సీటింగ్ చార్ట్, బోర్డు మీద మూడు లెక్కలు, అటెన్షన్ గుర్తు. ఆ మూడూ నిలబడ్డాక పైవారం "మొదలు" పద్ధతి, నోట్‌బుక్ కట్టలు. మూడో వారానికి కాస్త జారుతుంది, పిల్లలకి మీరు నిజంగానే పట్టుకుని ఉంటారా అని చూడాలనిపిస్తుంది, మళ్ళీ మొదటి రోజులాగే చేయించండి. సెలవుల తర్వాత కూడా ఒక పీరియడ్ దీనికే పోతుంది. రెండు వారాలయ్యాక ఆ చిన్న కాగితం మళ్ళీ తీసి ఒక పీరియడ్ టైములు రాసి మొదటిదానితో పోల్చుకోండి, ఇంకా ఏ ఖాళీ దగ్గర గోల లేస్తోందో ఇక్కడ పెడితే దాని గురించి చూద్దాం.